నొప్పి పోయాకే అసలు జాగ్రత్త

పదిహేనేళ్ల ఫాస్ట్ బౌలర్ తల్లిదండ్రులకు హైదరాబాద్‌లోని ఒక కోచ్ రాసిన ఉత్తరం



నిన్న గ్రౌండ్ దగ్గర నిలబడి మాట్లాడుకున్నప్పుడు మీరిద్దరూ పైకి సరేనన్నారు. కానీ ఒప్పుకోలేదని మీ ముఖాల్లోనే తెలిసింది. ఒప్పుకోకపోవడం సహజమే. వాడు నడుస్తున్నాడు, బడికి వెళ్తున్నాడు, తింటున్నాడు, నవ్వుతున్నాడు. అలాంటి పిల్లాడు అండర్-16 సెలెక్షన్లున్న సంవత్సరంలో సీజనంతా బంతి పట్టకూడదంటే ఎవరికైనా అతిగానే అనిపిస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు వాడి నడుములో ఏం జరిగిందో చెబుతాను. స్కాన్ రిపోర్టులో ఎల్5 అని ఉంది చూడండి, అది నడుం భాగంలో అన్నిటికంటే కింద ఉండే వెన్నుపూస. దాని వెనక భాగంలో రెండు వైపులా సన్నటి ఎముక వంతెన లాంటిది ఉంటుంది. మీవాడికి ఎడమవైపు వంతెనలో పగులు మొదలైంది. కుడిచేత్తో వేసే ఫాస్ట్ బౌలర్లకు ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. బంతి వదిలే ముందు వాడి ఎడమకాలు నేలను గట్టిగా గుద్దుతుంది. ఆ క్షణంలో కాలి మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి విరుచుకుని, ఎడమవైపుకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఈ మూడూ కలిసి నొక్కేది ఆ సన్నటి చోటునే.

ఒక్క బంతితో ఎముక విరగదు. రోజూ సన్నసన్నగా దెబ్బతింటుంది, విశ్రాంతి దొరికితే తనను తాను బాగుచేసుకుంటుంది. బాగయ్యే వేగాన్ని దెబ్బతినే వేగం దాటినప్పుడు పగులు పడుతుంది. ఈ వయసులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎత్తు ముందు పెరుగుతుంది, వెన్నుపూసలు గట్టిపడటం ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ పూర్తికాదు. ఏడాదిలో ప్యాంట్లన్నీ పొట్టివైపోయాయని అమ్మ అన్నారు గదా, ఆ మాటే నాకు చాలా చెప్పింది.

ఇక వేసిన బంతుల లెక్క. వాణ్ని కూర్చోబెట్టి వేసవి నుంచి అంతా రాయించాను. మా దగ్గర వారానికి నాలుగు పొద్దుళ్లు, రోజుకు ఎనిమిది ఓవర్లు, అంటే ముప్పై రెండు. స్కూల్ నెట్స్‌లో రెండు సాయంత్రాలు ఆరేసి చొప్పున పన్నెండు. ఆదివారం మ్యాచ్‌లో ఎనిమిది. మొత్తం యాభై రెండు ఓవర్లు, మూడువందల పన్నెండు బంతులు. వేసవికి ముందు ఇందులో సగం కూడా లేవు. నా పుస్తకంలో నా ఓవర్లున్నాయి, స్కూల్ సార్ దగ్గర ఆయనవి ఉన్నాయి, మొత్తం కూడిన పుస్తకం ఎక్కడా లేదు. ఇంగ్లండ్ బోర్డు ఈ వయసు పేసర్లకు చాలాకాలం అమలుచేసిన నియమం ప్రకారం ఒక స్పెల్‌లో ఆరు ఓవర్లు, రోజు మొత్తానికి పన్నెండు దాటకూడదు. మీవాడు ఒక్కో రోజు పొద్దున మా దగ్గర, సాయంత్రం స్కూల్లో కలిపి పద్నాలుగు వేశాడు.

ఇవి కాక రాత్రి లైట్ల కింద టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. 'అది మెత్తటి బంతి గదా సార్' అన్నాడు. బంతి మెత్తనిదే, నేల కాదు. అదే పరుగు, అదే గెంతు, అదే గుద్దు. నడుముకు బంతి బరువుతో పనిలేదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు గదా అని మీరు అడిగారు. ఈ పగులు మొదట్లో ఎక్స్‌రేకు దొరక్కపోవడమే ఎక్కువ. నాకు అనుమానం వచ్చింది వేరేచోట. నొప్పి ఎక్కడరా అంటే చెయ్యంతా తిప్పి చూపించకుండా ఒక్క వేలితో ఒకేచోట నొక్కి చూపించాడు. ఎడమకాలి మీద నిలబడి వెనక్కి వంగమంటే ముఖం మాడ్చుకున్నాడు. ముందుకు వంగితే ఏమీ లేదు. అందుకే ఎమ్మారై తీయించమన్నాను. పగులు ఆరపార కాకముందే ఎముక లోపలి వాపు అందులో కనబడుతుంది. మన అదృష్టం, మనం ఇంకా ఆ దశలోనే ఉన్నాం. ఈ దశలో వదిలేస్తే సాధారణంగా అతుక్కుంటుంది. ముదిరితే అంచులు నున్నబడిపోయి ఇక అతుక్కోదు. రెండోవైపు కూడా పగిలితే పూస ముందుకు జారే ప్రమాదముంది.

పుత్తూరు కట్టు వేయిద్దామా అని తాతగారు అడిగారట. చేతికో కాలికో అయితే కట్టు మాట వేరు. ఇది కండరాల కింద, వెన్నులోపల ఉంది. నూనె మర్దన, నడుము విరిపించడం అసలే వద్దు. నొప్పి మాత్రలు వేసి మ్యాచ్ ఆడించడం అన్నిటికంటే చెడ్డది, ఆగమని చెప్పే గొంతు నొక్కేసినట్టే.

ఇప్పుడు ఈ ఉత్తరం దేనికోసమో ఆ మాటకొస్తాను. ఇంకో ఆరేడు వారాల్లో మీవాడు 'నాన్నా, నొప్పి అస్సల్లేదు' అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే ఉండదు. కానీ ఎముక అప్పటికి సగం దారిలోనే ఉంటుంది. చాలామంది పిల్లలకు గాయం తిరగబెట్టేది ఆ వారాల్లోనే. ఎవరో ఒక మ్యాచ్‌కు మనిషి తక్కువయ్యాడని ఫోన్ చేస్తారు, వీడు వెళ్తాడు.

డాక్టర్‌గారు, ఫిజియో, నేను కూర్చుని వేసుకున్న లెక్క ఇది. ఇప్పుడు ఆగస్టు. డిసెంబరు దాకా బంతి ముట్టడు. మొదట్లో పరుగు, గెంతడం కూడా ఉండవు. నడక, పొట్ట, తుంటి కండరాలకు ఫిజియో చెప్పే వ్యాయామాలు. జనవరిలో మళ్లీ స్కాన్. బాగుంటే మెల్లగా పరుగు. ఫిబ్రవరిలో నిలబడి నాలుగైదు బంతులు, రోజు విడిచి రోజు. తర్వాత రెండడుగులు, సగం రనప్, పూర్తి రనప్. పూర్తి వేగం వచ్చేసరికి ఏప్రిల్ చివర. ఏ మెట్టులో నొప్పి వచ్చినా ఒక మెట్టు కిందకు దిగుతాం. మా సీజన్ మార్చితో అయిపోతుంది. సీజనంతా అన్నది ఇందుకే, శిక్షగా కాదు. మధ్యలో బ్యాటింగ్ ఎప్పుడన్నది డాక్టర్‌గారు చెబుతారు, మనం తొందరపెట్టం.

అండర్-16 పోతుంది. దాచను. వచ్చే ఏడాది వయసు దాటిపోతుందని మీకున్న బాధ నాకూ ఉంది. కానీ ఆ తర్వాత అండర్-19లో కూచ్ బెహార్, వినూ మన్కడ్ టోర్నీలున్నాయి, అక్కడికి నడుముతో వెళ్లాలి. పాట్ కమిన్స్ పద్దెనిమిదేళ్లకు 2011లో మొదటి టెస్టులోనే ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. వెన్ను గాయాలు మళ్లీ మళ్లీ రావడంతో రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, మన రాంచీలో. అంతటి బోర్డు, అంతమంది డాక్టర్లు వెనక ఉండి కూడా ఎముకను తొందరపెట్టలేకపోయారు. 1973లో నడుము పగిలిన డెనిస్ లిల్లీ ఒక సీజన్ చాలాభాగం బౌలింగ్ మానేసి, 1974-75 యాషెస్‌లో ఇంగ్లండ్‌ను బెదరగొట్టాడు. తర్వాత చెన్నై ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు నేర్పింది ఆయనే.

మీరు చేయాల్సినవి కొన్ని. కిట్ బ్యాగ్ మా దగ్గరే ఉండనివ్వండి, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. టోర్నమెంట్ వాళ్లు ఫోన్ చేస్తే నా నంబర్ ఇవ్వండి. డాక్టర్‌గారిని అడిగి విటమిన్ డి పరీక్ష ఒకటి చేయించండి. స్కూల్ పీటీ సార్‌కు నేనే మాట్లాడతాను. వాణ్ని ఇంట్లో కూర్చోబెట్టకండి, సాయంత్రాలు గ్రౌండ్‌కు పంపండి. కొత్త పిల్లల ఓవర్లు లెక్కరాసే పని వాడికే ఇస్తున్నాను, అన్ని చోట్లవీ కలిపి ఒకే పుస్తకంలో. జనవరి స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఇప్పటి సీడీ, రిపోర్టు మర్చిపోకుండా తీసుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టర్‌కు తెలుస్తుంది.

ఇట్లు,
మీవాడి కోచ్