అంగీ తెల్లబడితే మంటకు అలుసు

వరి నాట్లు దగ్గర పడితే కోటగిరి, బోధన్ వైపు వెల్డింగ్ షాపుల్లో ట్రాక్టర్ కేజీవీల్స్ అతికే పని జోరందుకుంటుంది. ఆ నిప్పురవ్వలకు ఎదురు నిలిచేది ఒంటి మీది అంగీ. దాన్ని ఎలా ఉతుకుతున్నామన్నదీ రక్షణలో భాగమే.

● నూలు కాలుతుంది కానీ కరగదు. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల వేడికే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అందుకే వెల్డర్‌కైనా వంటమాస్టర్‌కైనా ముతక నూలు బట్టే మేలు.

● మందం మంటను ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. మంటను ఆపేది ‘ఎఫ్‌ఆర్’ నూలు. దాని పోగుల్లో భాస్వరపు రసాయనం పట్టించి ఉంటుంది. మంట తగలగానే అది నూలును మండే వాయువుగా మారనివ్వకుండా బొగ్గు పొరగా మారుస్తుంది. మంట పక్కకు జరిగితే బట్ట దానంతట అదే ఆరిపోతుంది.

● నూలుకు బోరాక్స్ నీళ్లు పట్టించినా మంట ఆగుతుంది. కానీ అది నీళ్లలో కరిగేది కాబట్టి ఒక్క ఉతుకుతోనే పోతుంది.

● ఎఫ్‌ఆర్ అంగీకి పెద్ద శత్రువు మురికి కాదు, మురికి వదిలించే బ్లీచింగ్. క్లోరిన్ తగిలితే పోగుల్లోని రసాయనం చెడిపోతుంది. అంగీ చూడ్డానికి తెల్లగా, శుభ్రంగానే ఉంటుంది. పోయిన గుణాన్ని మాత్రం మళ్లీ ఎన్నిసార్లు ఉతికినా తేలేం.

● బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే బకెట్ అంచున తెల్లని పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో నూనెతో చేసిన సబ్బు వాడితే జిడ్డులాంటి తెట్టు పోగులకు పడుతుంది. ఆ తెట్టుకు మండే గుణం ఉంది. సువాసన కోసం వేసే సాఫ్ట్‌నర్ కూడా ఇలాంటి పొరే. అయితే ఇది పైపొర కాబట్టి, గోరువెచ్చని నీళ్లలో డిటర్జెంట్ పొడితో ఉతికి మూడు నాలుగుసార్లు జాడిస్తే చాలావరకు వదులుతుంది.

● వంటవాళ్ల కోటుకు ముందువైపు రెండు పొరలు ఉండేది అందం కోసమే కాదు, వేడి నూనె చింది పడితే ఒళ్లు చేరడానికి కాస్త ఆలస్యమవుతుందని. బట్ట తడిగా ఉంటే వేడి త్వరగా లోపలికి దిగుతుంది. నూనె మరక ఉంటే ఎఫ్‌ఆర్ బట్ట మీద కూడా ఆ నూనె మండుతుంది.

● పాత అంగీలో గుణం మిగిలిందో లేదో చూడాలంటే లోపలి మడతలోంచి వేలెడు పీలిక కత్తిరించాలి. షాపు బయట, ఒంటికి దూరంగా, పట్టుకారుతో పట్టుకుని కింది అంచుకు నిప్పు అంటించి తీసేయాలి. ఆరిపోయి నల్లని బొగ్గు మిగిలితే గుణం ఉన్నట్టు. కాగితంలా కాలుతూ పోయి బూడిదైతే అది ఇక మామూలు నూలే. చివర గట్టి పూస కడితే అందులో పాలిస్టర్ కలిసినట్టు.

● పీలిక ఆరినంత మాత్రాన సరిపోదు. మోచేతుల దగ్గర, ఛాతీ మీద బట్టను ఎండకు ఎత్తి చూడాలి. వెలుతురు దూరేంతగా పలచబడిన చోట వేడీ దూరుతుంది, వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలూ దూరుతాయి. అలాంటి అంగీని పనికి వేసుకోకూడదు.