ఫోనే స్టీరింగ్: వైఫై మీద లారీ నడిపే విధానం

కంప్యూటర్‌లో బండి నడిపే ఆటలకు విడిగా స్టీరింగ్ చక్రం కొననక్కర్లేదు. చేతిలోని ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని చక్రంలా తిప్పితే, ఆ తిప్పుడు వైఫై మీదుగా కంప్యూటర్‌కు చేరి తెరమీది బండి మలుపు తీసుకుంటుంది. దీనికి ఫోన్‌లో ఒక యాప్, కంప్యూటర్‌లో దాని జత ప్రోగ్రామ్ ఉండాలి, రెండు పరికరాలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఈ పద్ధతి బాగా నప్పే ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశపు ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో విడుదల చేసిన ఈ ఆటలో యూరప్ రోడ్ల మీద సరుకు లారీలు నడపాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోతున్న లారీకి పెద్ద మలుపులు అక్కర్లేదు, రవ్వంత కుడికీ రవ్వంత ఎడమకూ సర్దుతూ ఉండటమే పని. కీబోర్డ్ బాణం కీకి ఆ రవ్వంత తెలియదు. నొక్కితే ఉంది, వదిలితే లేదు. ఫోన్‌ను రెండు డిగ్రీలు తిప్పితే రెండు డిగ్రీలే అందుతాయి, అది ఉపయోగపడేది అక్కడే.

ఫోన్ తన వంపును యాక్సిలరోమీటర్ అనే సెన్సర్‌తో కనిపెడుతుంది. కదలకుండా ఉన్న ఫోన్‌లో ఈ సెన్సర్ చూపేది భూమ్యాకర్షణనే. అది సుమారు 9.8 యూనిట్లు. ఆ మొత్తం ఫోన్ అడ్డం, పొడవు, మందం అనే మూడు దిశల మధ్య ఎలా పంచుకుందో చూసి ఫోన్ ఎటు ఒరిగిందో లెక్కగడతారు. ఫోన్‌ను అడ్డంగా, తెర ముఖానికి ఎదురుగా నిలబెట్టి పట్టుకుంటే 9.8 అంతా పొట్టి అంచు వెంట పడుతుంది. చక్రంలా 30 డిగ్రీలు తిప్పితే పొట్టి అంచు వెంట సుమారు 8.5, పొడుగు అంచు వెంట 4.9 కనిపిస్తాయి. ఈ రెండింటి నిష్పత్తి నుంచే కోణం వస్తుంది:

```
angle = atan2(y, x)
```

నిష్పత్తితో లెక్క కట్టడంలో ఒక సుఖం ఉంది. ఆడే మనిషి కుర్చీలో వెనక్కి వాలి ఫోన్‌ను కాస్త పడుకోబెట్టినా రెండు అంకెలూ కలిసే తగ్గుతాయి, కోణం మారదు. కానీ దానికీ హద్దుంది. సెన్సర్ రీడింగ్ ఎప్పుడూ కొద్దిగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు 0.1 యూనిట్ అనుకుంటే, నిలబెట్టిన ఫోన్‌లో దాని వల్ల వచ్చే తేడా అర డిగ్రీ పైచిలుకు మాత్రమే. అదే ఫోన్‌ను ఒళ్లో దాదాపు బల్లపరుపుగా పెట్టుకుంటే ఆకర్షణ అంతా తెర మందం దిశలోకి పోయి, పొట్టి, పొడుగు అంచులకు కలిపి ఒక యూనిట్ మిగలవచ్చు. అప్పుడు అంతే వణుకు సుమారు ఆరు డిగ్రీల తేడా చూపుతుంది. ముట్టుకోకుండానే లారీ లేన్ దాటి ఊగుతుంటే ముందుగా అనుమానించాల్సింది వైఫైని కాదు, ఫోన్ పట్టుకున్న తీరును. తెరను నలభై అయిదు డిగ్రీలకు తగ్గకుండా పైకి లేపి పట్టుకుంటే ఆ ఊగుడు పోతుంది.

ఈ వణుకును తగ్గించడానికి చాలా యాప్‌లలో ‘స్మూతింగ్’ అనే సెట్టింగ్ ఇస్తారు. పాత విలువలో ఎక్కువ భాగం, కొత్త విలువలో కొంత భాగం కలిపి పంపడమే దాని పద్ధతి. చూడటానికి స్టీరింగ్ మెత్తబడినట్టు ఉంటుంది కానీ ఆ మెత్తదనం ఊరికే రాదు. సెన్సర్ సెకనుకు 50 సార్లు చదువుతూ, ప్రతిసారీ పాతదానిలో 80 శాతం, కొత్తదానిలో 20 శాతం కలిపితే, చేయి తిప్పిన దానిలో మూడింట రెండు వంతులు అందడానికే సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న లారీ ఆలోగా రెండు మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవర్ ఆలస్యం గ్రహించి ఎక్కువ తిప్పుతాడు, తర్వాత వెనక్కి తిప్పుతాడు, లారీ పాములా మెలికలు తిరుగుతుంది. స్మూతింగ్‌ను వీలైనంత తక్కువలో ఉంచి, ఫోన్‌ను నిటారుగా పట్టుకోవడం మేలైన దారి.

లెక్కగట్టిన కోణం చిన్న చిన్న ప్యాకెట్లుగా బయలుదేరుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో ఉండేవి స్టీరింగ్ విలువ, యాక్సిలరేటర్, బ్రేక్, కొన్ని బటన్లు. అంటే పదుల బైట్ల సరుకు. అందుకే ఈ పనికి ఇంటర్నెట్ వేగం ఎంతో అనవసరం, అసలు ఇంటర్నెట్ కనెక్షనే అక్కర్లేదు. కావలసింది ప్యాకెట్లు సమానమైన ఎడంతో చేరడం. ప్రతి ప్యాకెట్‌కూ 20 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే చేయి త్వరగానే అలవాటు పడుతుంది. ఒకటి 5కు, మరొకటి 120కి వస్తే అలవాటు పడే మార్గమే లేదు. యాప్ టీసీపీ, యూడీపీ అనే రెండు పద్ధతుల్లో ఎంచుకోనిస్తే యూడీపీయే మంచిది. టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే దాన్ని మళ్లీ తెప్పించేదాకా వెనకున్నవన్నీ ఆగుతాయి. క్షణం క్రితం స్టీరింగ్ ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. యూడీపీలో పోయింది పోతుంది, తర్వాతది తాజా విలువతో వస్తుంది.

ఇంట్లో సాధారణంగా ప్యాకెట్ ఫోన్ నుంచి రూటర్‌కు, రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద చుట్టుపక్కల రూటర్లన్నీ పోటీ పడతాయి. అందులో ఒకదానితో ఒకటి కలవకుండా వాడుకోగల చానళ్లు మూడే. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపితే ఒక ప్రయాణం తగ్గుతుంది. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే రద్దీ తగ్గుతుంది. రూటర్ దూరంగా ఉంటే ఫోన్‌లోనే హాట్‌స్పాట్ వేసి ల్యాప్‌టాప్‌ను దానికి కలపవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్‌లలో మొబైల్ డేటా ఆపేసి ఉన్నా ఇది పనిచేస్తుంది. కాలేజీ హాస్టళ్లలో, హోటళ్లలో వైఫై బలంగా ఉన్నా ఫోన్‌కు కంప్యూటర్ కనిపించకపోవడం మామూలే. అక్కడి రూటర్లు ఒకరి పరికరం మరొకరికి కనబడకుండా అడ్డుగోడ కడతాయి. ఇంటి రూటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌లోనూ తరచూ ఇదే జరుగుతుంది. అలాంటి చోట హాట్‌స్పాటే దారి.

ప్యాకెట్ కంప్యూటర్‌కు చేరినంత మాత్రాన ఆటకు అందదు. ఆట వెతికేది నెట్‌వర్క్‌లో కాదు, కంప్యూటర్‌కు తగిలించిన గేమ్‌ప్యాడ్‌ల జాబితాలో. అందుకని జత ప్రోగ్రామ్ లేని గేమ్‌ప్యాడ్‌ను ఉన్నట్టు చూపించాలి. విండోస్‌లో ఆ పని చేసే డ్రైవర్లలో రెండు ప్రసిద్ధం. vJoy మామూలు జాయ్‌స్టిక్‌ను చూపిస్తుంది. ViGEmBus ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ను చూపిస్తుంది. లినక్స్‌లో ఈ ఏర్పాటు కెర్నెల్‌లోనే ఉంది, దాని పేరు uinput. కొన్ని యాప్‌లు ఈ శ్రమ పడకుండా ఫోన్ తిప్పుడును బాణం కీ నొక్కుడుగా మార్చి పంపుతాయి. అవి సులభంగానే నడుస్తాయి, కానీ కీబోర్డ్‌కు ఉన్న లోపమే వాటికీ ఉంటుంది. ఫోన్‌ను రవ్వంత తిప్పినా కీ పూర్తిగా నొక్కినట్టే లెక్క. యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి విండోస్, R కీలు కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇది టైప్ చేయాలి:

```
joy.cpl
```

తెరుచుకున్న జాబితాలో పరికరం పేరు ఎంచుకుని దాని ప్రాపర్టీస్ చూస్తే, ఫోన్ తిప్పినప్పుడు గుర్తు నెమ్మదిగా జరుగుతూ కనిపించాలి. ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష లేదు. జాబితాలో పరికరమే లేకపోతే డ్రైవర్ పడలేదు, లేదా యాప్ కీబోర్డ్ రకానిది. పరికరం ఉండి గుర్తు కదలకపోతే ప్యాకెట్లు రావడం లేదు. చాలాసార్లు దీనికి కారణం విండోస్ ఫైర్‌వాల్. మొదటిసారి ప్రోగ్రామ్ తెరిచినప్పుడు అనుమతి అడిగితే కాదన్నా, ఇంటి వైఫైని ‘పబ్లిక్’ అని నమోదు చేసి అనుమతి ‘ప్రైవేట్’కు మాత్రమే ఇచ్చినా దారి మూసుకుంటుంది. గుర్తు కదులుతూనే మధ్యమధ్య ఆగి ఎగిరితే తప్పు వైఫైది. అప్పుడు రూటర్ చిరునామాతో ఈ కమాండ్ నడిపి చూడవచ్చు, చిరునామా ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది:

```
ping -n 50 192.168.1.1
```

సమయాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే కంప్యూటర్ వైపు బాగున్నట్టే, వెతకాల్సింది ఫోన్ వైపు. గుర్తు నున్నగా కదులుతూ, ఆటలో మాత్రం లారీ మాట వినకపోతే తప్పు ఆట సెట్టింగ్‌లలో ఉంది.

ఆ సెట్టింగ్‌లలో ఎక్కువమందిని తికమక పెట్టేది ‘డెడ్‌జోన్’. గేమ్‌ప్యాడ్ పుల్ల వదిలేసినప్పుడు సరిగ్గా మధ్యకు రాదు కాబట్టి, మధ్యలో కొంత మేర కదలికను ఆటలు పట్టించుకోవు. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్ ఎడమ పుల్లకు మైక్రోసాఫ్ట్ సూచించిన డెడ్‌జోన్ 32,767లో 7,849, అంటే దాదాపు నాలుగో వంతు. ఫోన్‌ను 60 డిగ్రీలు తిప్పితే పూర్తి మలుపు అని యాప్‌లో పెట్టుకున్నవారికి ఆ నాలుగో వంతు 14 డిగ్రీలవుతుంది. ఇంత డెడ్‌జోన్ వాడే ఆటలో 14 డిగ్రీల దాకా లారీ కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా మలుపు మొదలవుతుంది. యూరో ట్రక్ సిమ్యులేటర్‌లో కంట్రోల్స్ పేజీలోని డెడ్‌జోన్ స్లైడర్‌ను దాదాపు సున్నాకు తేవచ్చు. అదే పేజీలో స్టీరింగ్ నాన్-లీనియారిటీ అని మరో స్లైడర్ ఉంటుంది. దాన్ని పెంచితే మధ్యలో మలుపు నెమ్మదిగా, చివరల్లో చురుగ్గా ఉంటుంది. హైవే మీద ఇది బాగుంటుంది, గోదాములో ట్రైలర్‌ను వెనక్కి పెట్టేటప్పుడు మాత్రం ఇబ్బంది పెడుతుంది. అసలు లారీ స్టీరింగ్ రెండు మూడు చుట్లు తిరుగుతుంది. ఫోన్‌ను మణికట్టు నొప్పి లేకుండా 90 డిగ్రీలకు మించి తిప్పలేరు. ఆ తేడాను ఏ సెట్టింగూ పూడ్చలేదు.

యాక్సిలరేటర్, బ్రేక్‌లను తెర మీది నిలువు పట్టీలుగా పెట్టుకోవడం మంచిది. బొటనవేలు ఎంత పైకి జరిపితే అంత వేగం. గాజు మీద వేలికి అంచు తగలదు కాబట్టి, చూడకుండా వేలు పక్కకు జారిపోవడం సహజం. అందుకే బటన్లు తక్కువగా, పెద్దవిగా, తెర రెండు చివరల్లో ఉండాలి. హారన్, లైట్ల వంటివి కీబోర్డ్‌కే వదిలేయవచ్చు. ఆట పంపే వైబ్రేషన్‌ను కొన్ని యాప్‌లు ఫోన్‌లో మోగిస్తాయి కానీ, నిజమైన చక్రంలా చేతికి ఎదురు తోయడం ఫోన్ వల్ల కాదు.

ఆడే ముందు ఇంకో పరీక్ష తప్పకుండా చేయాలి. మధ్యలో ఫోన్ కాల్ వస్తే యాప్ వెనక్కి పోవచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి వెనకున్న యాప్‌కు యాక్సిలరోమీటర్ రీడింగులు అందవు. అప్పుడు కంప్యూటర్ చివరగా వచ్చిన విలువనే పట్టుకుని ఉంటే, యాక్సిలరేటర్ నొక్కిన లారీ అలాగే దూసుకుపోతుంది. joy.cpl తెరిచి, ఫోన్‌ను పక్కకు తిప్పి, యాక్సిలరేటర్ నొక్కి ఉంచి ఫోన్ వైఫై ఆపేయాలి. ఒకటి రెండు సెకన్లలో గుర్తులు మధ్యకు, సున్నాకు వస్తే ప్రోగ్రామ్ బాగా రాసినది. రాకపోతే మరో యాప్ వెతుక్కోవడమో, ఆడుతున్నంతసేపు కాల్స్ రాకుండా ఫోన్‌ను ‘డు నాట్ డిస్టర్బ్’లో పెట్టడమో చేయాలి. నలుగురూ వాడే వైఫైలో ఆడేవారు ఆట అయ్యాక కంప్యూటర్‌లోని జత ప్రోగ్రామ్‌ను మూసేయాలి. అనేక యాప్‌ల ప్రోగ్రామ్‌లు గేమ్‌ప్యాడ్‌తో పాటు మౌస్, కీబోర్డ్ ఆదేశాలనూ నెట్‌వర్క్ నుంచి స్వీకరిస్తాయి. పాస్‌వర్డ్ అడగనిది తెరిచి ఉంటే, అదే వైఫైలో ఉన్న మరో ఫోన్ కూడా ఆ కంప్యూటర్‌ను నడపగలదు.