107 శాతం... దేని మీద?

మెడికల్ రెప్ ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ‘250 మంది డాక్టర్లు, నూరు శాతం కవరేజ్, నెలకు మూడు విజిట్లు’. రోజూ ఆ పనే చేసి పైకొచ్చిన ఏరియా మేనేజర్ దాన్ని చూడగానే మనసులో లెక్క కడతాడు. 250 మందిని మూడేసి సార్లు కలవాలంటే నెలకు 750 కాల్స్. ఆదివారాలు, మీటింగులు పోగా పని దినాలు 23 మిగిలితే రోజుకు 32 పైమాటే. ఓపీ బయట గంటలకొద్దీ నిలబడి, రోజుకు పది పన్నెండు మందిని కలిస్తేనే గొప్ప అనుకునే వృత్తి ఇది. ఆ రెజ్యూమెలో మిగతాదంతా నిజమే అయినా ఇక నమ్మబుద్ధి కాదు.

మరి నమ్మించే లెక్క ఎలా ఉంటుంది? కరీంనగర్ హెడ్‌క్వార్టర్‌గా, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఎక్స్‌స్టేషన్లుగా షుగర్, బీపీ మందులు ప్రమోట్ చేసే ఒక రెప్‌ను ఊహించుకుందాం. అతని లిస్టులో డాక్టర్లు 160 మంది. అందులో ఎక్కువ ప్రిస్క్రిప్షన్లు రాసే 60 మంది కోర్ డాక్టర్లు. వాళ్లను నెలకు రెండుసార్లు, మిగతా వందమందిని ఒకసారి కలవాలి. అంటే 220 కాల్స్. రోజుకు పది కాల్స్ చొప్పున 23 రోజుల్లో అది అయ్యే పనే. ‘160 మందిలో సగటున 148 మందిని కలిశాను, కోర్ 60 మందిలో 54 మందికి రెండు విజిట్లూ పూర్తి’ అని రాస్తే నూరు శాతానికి తగ్గినట్టు కనిపిస్తుంది. అయినా ఇంటర్వ్యూలో నిలబడేది అదే. సెలవు మీద వెళ్లిన డాక్టర్లు, విదేశాలకు వెళ్లిన డాక్టర్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు కదా!

ఇక టార్గెట్. ‘అచీవ్‌మెంట్ 107 శాతం’ అన్నది ఒంటరిగా ఏమీ చెప్పదు. టార్గెట్ ఎంత, అంతకు ముందు ఏడాది అమ్మకం ఎంత అన్నవి పక్కన ఉండాలి. మన రెప్ టార్గెట్ ఏడాదికి 48 లక్షలు, చేసింది 51.6 లక్షలు, అంతకుముందు ఏడాది 42 లక్షలు. ఇప్పుడు టార్గెట్ మీద 107.5 శాతం, పోయినేడాది మీద దాదాపు 23 శాతం పెరుగుదల. నెలకు సగటు 4.3 లక్షలు.

అనుభవం ఉన్న మేనేజర్ అక్కడితో ఆగడు. ‘ఇది ప్రైమరీయా, సెకండరీయా?’ అంటాడు. కంపెనీ నుంచి స్టాకిస్ట్‌కు వెళ్లింది ప్రైమరీ. స్టాకిస్ట్ నుంచి మెడికల్ షాపులకు కదిలింది సెకండరీ. నెలాఖరు రెండు రోజుల్లో స్టాకిస్ట్‌ను బతిమాలి సరుకు దించితే ప్రైమరీలో టార్గెట్ అయిపోతుంది. గోడౌన్లో మాత్రం పెట్టెలు కదలవు. కొన్ని నెలలకు అవే ఎక్స్‌పైరీ రిటర్నులై వెనక్కి వస్తాయి. అందుకే ‘సెకండరీ 50 లక్షలు, ఏడాది చివర స్టాకిస్ట్ దగ్గర నిల్వ నెలకు సరిపడా’ అన్న ఒక్క ముక్క 107 కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

టార్గెట్ తప్పిన ఏడాదిని దాచేయడం మరో పొరపాటు. ప్రభుత్వం ఒక మందుకు గరిష్ఠ ధర నిర్ణయించి 60 రూపాయల స్ట్రిప్ 48కి దిగిందనుకోండి. పదివేల స్ట్రిప్పులు అమ్మినా విలువ 6 లక్షల నుంచి 4.8 లక్షలకు పడుతుంది. అలాంటప్పుడు రూపాయలతో పాటు స్ట్రిప్పుల సంఖ్య కూడా రాస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది.

కొత్త ప్రోడక్ట్ లాంచ్ దగ్గర చాలామంది ‘విజయవంతంగా లాంచ్ చేశాను’ అని ఒక వాక్యంతో సరిపెడతారు. సిటాగ్లిప్టిన్ పేటెంట్ 2022 జులైలో ముగిసింది. పదుల కొద్దీ బ్రాండ్లు ఒక్కసారే డాక్టర్ల గదుల్లోకి వచ్చిపడ్డాయి. ఆ గుంపులో తన బ్రాండ్‌ను ఎలా నిలబెట్టాడన్నదే ప్రశ్న. మన రెప్ ఇలా రాయొచ్చు: లాంచ్‌కు ముందే 40 మంది డాక్టర్లను ఎంచుకున్నాడు, మూడో నెల ముగిసేసరికి 26 మంది రాస్తున్నారు, ఆ నెల సెకండరీ 90 వేలు. ఆ 26 ఎలా తెలిసింది? డాక్టర్ ‘రాస్తాలే’ అన్నంత మాత్రాన కాదు, క్లినిక్ పక్క మెడికల్ షాపులో చీటీలు వాకబు చేస్తే. కంపెనీ భాషలో దాన్నే ఆర్‌సీపీఏ అంటారు. ఆరో నెలకు ఎంతమంది మిగిలారో కూడా రాస్తే ఇంకా మంచిది, ఎందుకంటే మొదటి నెల మొహమాటానికి రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

రాయకూడనివీ ఉన్నాయి. డాక్టర్ల పేర్లు, పాత కంపెనీ కాల్ లిస్టు రెజ్యూమెలో పెడితే, రేపు మన లిస్టూ ఇలాగే బయటికి పోతుందని కొత్త మేనేజర్‌కు అనుమానం వస్తుంది. ‘డాక్టర్లకు కానుకలతో బిజినెస్ తెచ్చాను’ అన్న ధోరణి ఒకప్పుడు హుషారుగా వినిపించేది. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు, వాళ్ల కుటుంబాలకు కానుకలివ్వడాన్ని నిషేధించింది. ఇప్పుడు ఆ వాక్యం రాసుకున్నవాడు తన తప్పును తానే సంతకం పెట్టి ఇచ్చినట్టు.