ఈ జవాబు ఏ ప్రశ్నది?

తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో ఊరూరా దరఖాస్తులు తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. పెన్నుతో నింపిన ఆ కాగితాలను ఆపరేటర్లు చూసి కంప్యూటర్లో ఎక్కించారు. అదే పని స్కానరుకి అప్పగిస్తే చేతిరాత చదవడం దగ్గరే చిక్కు వస్తుందనుకుంటాం. చదివాక ఇంకో చిక్కు ఉంది. ‘వెంకటయ్య’ అని సరిగ్గానే చదివింది, బాగుంది. ఆ వెంకటయ్య దరఖాస్తుదారా, ఆయన తండ్రా? అచ్చులో ఉన్న ప్రతి ప్రశ్నకీ దాని జవాబును జత చేస్తేనే ఆ చదువుకి అర్థం.

ఎవరికైనా ముందు తట్టే ఉపాయం దూరం కొలవడం. ఏ రాతకు ఏ ప్రశ్న దగ్గరగా ఉంటే ఆ రాత దానిదే అనుకోవడం. ఇది ఎక్కడ దెబ్బతింటుందో చూద్దాం. ఒక ఫారంలో ‘తండ్రి పేరు’, దాని కింద ‘చిరునామా’ ఉన్నాయి. రెండు గీతల మధ్య ఎడం 9 మిల్లీమీటర్లు. తండ్రి పేరు పొట్టిది, గీతలో సగానికే అయిపోయింది. చిరునామా పొడుగ్గా ఉంది. గీత మీదే మొదలైనా, రాస్తూ పోయేకొద్దీ చెయ్యి పైకి లేచింది. చివరికొచ్చేసరికి 10 మిల్లీమీటర్లు ఎక్కేసింది. ఆ రాత మధ్య బిందువు ఎక్కడుంది? తన గీతకు 5 మిల్లీమీటర్ల పైన. అంటే పై గీతకు 4 మిల్లీమీటర్ల దూరంలోనే. దూరం లెక్క ప్రకారం ఆ చిరునామా తండ్రి పేరైపోయింది!

కాగితం వంకరగా పెట్టి స్కాన్ చేసినా ఇలాగే అవుతుంది గానీ, దాన్ని సరిదిద్దడం తేలిక. అచ్చు గీతలన్నీ ఒకే కోణంలో వాలి ఉంటాయి కాబట్టి పేజీ మొత్తాన్ని అంతే తిప్పితే సరి. చెయ్యి పైకి లేచిన చోట పేజీని తిప్పితే మిగతావి చెడతాయి.

మధ్య బిందువును వదిలి మొదటి అక్షరాన్ని చూస్తే దారి దొరుకుతుంది. గీత ఎక్కడ మొదలైందో అక్కడే రాయడం మొదలుపెడతాం. అలవాటు తప్పేది తర్వాతే. రెండో ఆధారం, ప్రశ్నలన్నింటినీ కలిపి చూడడం. పై లెక్కలో తండ్రి పేరుకు రెండు జవాబులు వచ్చాయి, చిరునామా ఖాళీ. ఒక చోట రెండు, పక్కనే సున్నా కనిపిస్తే జత తప్పిందేమోనని అనుమానించాలి. అలాగని ప్రతి ఖాళీనీ నింపెయ్యకూడదు. ఫోన్ లేనివాళ్లు ఆ గడి వదిలేస్తారు, అదీ జవాబే. మూడోది జవాబు తీరు. పిన్‌కోడ్ 6 అంకెలు, మొబైల్ నంబరు 10. పిన్‌కోడ్ దగ్గర పది అంకెలు వచ్చి చేరితే చదవడం తప్పకపోయినా జత తప్పిందన్నమాట.

ఖాళీ ఫారం ముందే చేతిలో ఉంటే ఇంత తంటా లేదు. నింపిన కాగితాన్ని దాని మీద సరిగ్గా కుదిర్చి, ఏ చోట ఏ జవాబు ఉండాలో ముందే గుర్తుపెట్టుకోవచ్చు. బ్యాంకు ఫారాల్లో అక్షరానికో గడి ఉండేది ఇందుకే. అయితే మన దగ్గర ఫారం జిరాక్స్‌కి జిరాక్స్ అవుతూ కొంచెం చిన్నదై, పక్కకు జరిగి వస్తుంది. కొన్నిచోట్ల డీటీపీ సెంటరువాళ్లు మళ్లీ టైపు చేసి అమ్ముతారు. నీలం సిరాను బట్టి చేతిరాతను విడదీద్దామంటే, నింపాక తీసిన జిరాక్స్‌లో అచ్చూ రాతా రెండూ నలుపే.

అందుకే ఎన్నో నింపిన ఫారాలు చూపించి యంత్రానికి జత కలపడం నేర్పుతున్నారు. 2019లో పరిశోధకులు విడుదల చేసిన FUNSD అలాంటి సేకరణే: 199 స్కాన్ చేసిన ఇంగ్లిష్ ఫారాలు, వాటిలో ఏది ప్రశ్న, ఏది జవాబు, ఏది దేనితో కలుస్తుందో మనుషులు గుర్తులు పెట్టారు. తర్వాత వచ్చిన XFUND ఏడు భాషలకు విస్తరించింది. ఆ ఏడింటిలో తెలుగు లేదు.

అయినా మన ఫారాల్లో కొన్ని జవాబులు ప్రశ్న పక్కన ఉండవు. ‘తండ్రి/భర్త పేరు’ అని ఉన్నచోట రాసేవాళ్లు ఒక మాట కొట్టేస్తారు. అంటే సగం జవాబు ప్రశ్న మీదే ఉంది. ఆ అడ్డగీతను మరకనుకుని తుడిచేస్తే బంధుత్వం పోతుంది. ‘శాశ్వత చిరునామా’ ఎదురుగా ‘పైదే’ అని రాసేవాళ్లున్నారు. జత సరిగ్గా కలిసింది, విలువ మాత్రం అక్కడ లేదు. పై గీత మీద ఉన్నది మొబైల్ నంబరు. ‘పైదే’ అన్నది నాలుగు గీతల పైనున్న ప్రస్తుత చిరునామా గురించి. ఇలాంటివాటిని యంత్రం ఊహించకుండా విడిగా తీసిపెట్టి ఆపరేటరుకు చూపించడమే మంచిది.