అక్షరం వెనుక రంగు

ఎడమ అంచున ముదురు ఊదాగా మొదలై, మధ్యలో ఎర్రబడి, కుడి అంచుకు చేరేసరికి నారింజగా మారిపోయే స్లైడును మీరు చూసే ఉంటారు. దాని మీద తెల్లటి అక్షరాల్లో ‘వర్షాధార వ్యవసాయంలో నీటి పొదుపు’ అని శీర్షిక పెట్టారనుకుందాం. లాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. హాల్లో ప్రొజెక్టర్ వేశాక వెనుక వరసలో కూర్చున్నవాళ్లకు ‘వర్షాధార’ చక్కగా కనిపిస్తుంది, ‘పొదుపు’ దగ్గరికి వచ్చేసరికి కళ్లు చిట్లించాల్సి వస్తుంది. అక్షరాల రంగూ సైజూ మొదటి నుంచి చివరి దాకా ఒకటే. వాటి వెనుక ఉన్న రంగు మాత్రమే మారింది.

ఇలా ఒక రంగు నుంచి ఇంకో రంగుకు జారే నేపథ్యాన్ని గ్రేడియెంట్ అంటారు. బొమ్మలూ గీతలూ ఏమీ లేకుండా స్లైడుకు కాస్త లోతు తెస్తుంది కాబట్టి ప్రెజెంటేషన్లు చేసేవాళ్లకు ఇదంటే ఇష్టం. చిక్కంతా దాని మీద రాసినప్పుడే వస్తుంది. ఎక్కడ చెడుతుందో, ఎంత చెడుతుందో ముందే లెక్క కట్టి తెలుసుకోవచ్చు.

రంగు వేరు, వెలుగు వేరు

అక్షరాన్ని కంటికి పట్టించేది ప్రధానంగా వెలుగులో తేడా. రంగులు ఎంత భిన్నంగా ఉన్నా, వెలుగు ఒకే స్థాయిలో ఉంటే అక్షరం నేపథ్యంలో కలిసిపోతుంది. తెర మీది ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలయికే. అయితే కంటికి తోచే వెలుగులో ఈ మూడింటికీ సమాన వాటా లేదు. ఆకుపచ్చది సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. నారింజలో ఎరుపు పూర్తిగా, ఆకుపచ్చ సగానికి పైగా ఉంటాయి కాబట్టి అది మనం అనుకునే దానికంటే చాలా వెలుగైన రంగు. తెలుపు దాని మీద తేలిపోవడానికి కారణం ఇదే.

ఈ తేడాను కొలిచే పద్ధతి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఉంది. రెండు రంగుల వెలుగుల నిష్పత్తిని కాంట్రాస్ట్ అంటారు. ఒకే రంగు మీద అదే రంగైతే 1, తెలుపు మీద నలుపైతే 21. మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. 18 పాయింట్లు, అంతకంటే పెద్ద అక్షరాలకు 3 చాలు. వెబ్ పేజీల కోసం పెట్టిన హద్దులే అయినా స్లైడులకూ ఇవే వాడుతున్నారు. రెండు రంగుల కోడ్‌లు ఇస్తే ఈ నిష్పత్తి చెప్పే ఉచిత సాధనాలు ఇంటర్నెట్‌లో బోలెడు.

మన స్లైడుకు ఈ కొలత పెట్టి చూద్దాం. ఊదా కోడ్ #4A1A7A, నారింజ కోడ్ #FF8C42. తెల్ల అక్షరానికి ఊదా మీద కాంట్రాస్ట్ 12 పైనే ఉంది. నారింజ మీద అది 2.3కు పడిపోయింది, అంటే పెద్ద అక్షరాలకు పెట్టిన హద్దును కూడా అందుకోలేదు. అక్షరాలను నల్లగా మారిస్తే కథ తిరగబడుతుంది. నారింజ మీద 9 వస్తుంది, ఊదా మీద 1.7 మాత్రమే. మొత్తం స్లైడుకు సరిపోయే అక్షరం రంగు ఇక్కడ దొరకదు.

దాటకూడని గీత

తెలుపుకూ నలుపుకూ సమాన దూరంలో ఒక మధ్యస్థ వెలుగు ఉంది. బూడిద రంగుల్లో అది సుమారు #757575. దాని మీద తెల్ల అక్షరం పెట్టినా నల్ల అక్షరం పెట్టినా వచ్చేది 4.6 దగ్గరే. అంతకంటే వెలుగైన నేపథ్యానికి ముదురు అక్షరం నప్పుతుంది, ముదురు నేపథ్యానికి తెల్ల అక్షరం నప్పుతుంది. ఊదా–నారింజ గ్రేడియెంట్ ఈ గీతకు అటువైపు బయలుదేరి ఇటువైపు తేలింది. దాటిన చోటు నుంచీ తెల్ల అక్షరం ఓడిపోతూ వచ్చింది.

కాబట్టి గ్రేడియెంట్ రంగులు ఎన్నయినా కావచ్చు గానీ, అన్నీ ఈ గీతకు ఒకే వైపున, దానికి దూరంగా ఉండాలి. నేపథ్యంలో కాంట్రాస్ట్ తక్కువ ఉండాలనే మాటకు అసలు అర్థం ఇది. లేత రంగులే వాడాలని దానికి అర్థం కాదు. నేపథ్యం తనలో తాను కొద్దిగానే మారాలి, అక్షరానికి మాత్రం బాగా దూరంగా ఉండాలి.

కొలిచేటప్పుడు సగటు చూడకూడదు, అక్షరానికి అత్యంత ప్రతికూలమైన చోటు చూడాలి. తెల్ల అక్షరాలైతే వాటి వెనుక అన్నిటికంటే వెలుగైన చోటు, ముదురు అక్షరాలైతే అన్నిటికంటే ముదురు చోటు. గుండ్రటి వెలుగు మచ్చలు పరుచుకున్న నేపథ్యాల్లో ఆ చోటు అంచుల్లో కాక నడిమధ్యలో ఉండొచ్చు. పవర్‌పాయింట్‌లో రంగుల మెనూలో ఉండే Eyedropper ను అక్కడికి తీసుకెళితే ఆ చోటి రంగు విలువలు తెలుస్తాయి.

రెండు మరమ్మతులు

మొదటిది రంగులను మార్చడం. స్లైడు ఖాళీ చోట కుడి క్లిక్ చేసి Format Background తెరిస్తే Gradient fill కనిపిస్తుంది. అక్కడి పట్టీ మీద జరిపే చిన్న గుర్తులే రంగు మారే స్థానాలు. రెండే ఉంచి, ఎడమ గుర్తుకు లేత మీగడ రంగు #FDF6EC, కుడి గుర్తుకు లేత నీలం #E3ECF5 ఇవ్వండి. అక్షరాలకు ముదురు బూడిద #1F2933. ఇప్పుడు కాంట్రాస్ట్ ఎడమవైపు 13.7, కుడివైపు 12.3. నేపథ్యం రెండు చివరల మధ్య తేడా 1.1 మాత్రమే. వెచ్చని రంగు చల్లని రంగులోకి జారడం కంటికి తెలుస్తూనే ఉంటుంది, చదవడానికి మాత్రం స్లైడంతా ఒకటే. ముదురు నేపథ్యమే కావాలంటే ముదురు నీలం నుంచి ముదురు ఊదాకు వెళ్లి, అక్షరాలు తెల్లగా ఉంచవచ్చు.

రెండోది, సంస్థ పంపిన స్లైడు కాబట్టి నేపథ్యం మార్చడానికి వీల్లేదన్నప్పుడు పనికొస్తుంది. అక్షరాల వెనుక నల్లటి దీర్ఘచతురస్రం ఒకటి పెట్టి, దాని Transparency 50 శాతం చేయండి. నారింజ ఆ పొర కింద ముదురు గోధుమ రంగుగా మారుతుంది, తెల్ల అక్షరం కాంట్రాస్ట్ 2.3 నుంచి దాదాపు 7.5కు పెరుగుతుంది. పొర అంచు కొట్టొచ్చినట్టు కనబడకుండా ఉండాలంటే దాన్ని స్లైడు ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగితే సరి.

లేత మార్పులో వచ్చే చారలు

తేడా తగ్గించిన కొద్దీ ఇంకో ఇబ్బంది బయటపడుతుంది. మామూలు తెరల మీద, సాధారణ ఇమేజ్ ఫైళ్లలో ఒక్కో మూలరంగుకు 256 మెట్లే ఉంటాయి. బూడిద రంగును 240వ మెట్టు నుంచి 224కు దించితే దారిలో ఉన్నవి 16 మెట్లు. 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో మెట్టు 120 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. జారుగా ఉండాల్సినది నిలువు పట్టీలుగా కనిపిస్తుంది. పైగా అంచుల దగ్గర వెలుగు తేడాను పెంచి చూపడం మన కంటికున్న గుణం. 1865లో దీన్ని వివరించిన ఎర్న్‌స్ట్ మాఖ్ పేరు మీదే ‘మాఖ్ పట్టీలు’ అనే మాట వచ్చింది.

మీగడ–నీలం జంట ఈ విషయంలో కొంత మెరుగు. ఎరుపు, ఆకుపచ్చ తగ్గుతుంటే నీలం పెరుగుతుంది. మూడింటి మెట్లూ వేర్వేరు చోట్ల పడటంతో ఏ ఒక్క అంచూ గట్టిగా తేలదు. అయినా పట్టీలు కనిపిస్తే గ్రేడియెంట్‌ను ఇమేజ్ ఎడిటర్‌లో తయారుచేసి, ఒకటి రెండు మెట్ల మేర సన్నటి నలుసు చల్లుతారు. ఎడిటర్లలో దాని పేరు Noise. ఆ నలుసు విడిగా కనిపించదు గానీ అంచులను చెదరగొడుతుంది. దాన్ని PNG గా భద్రపరచాలి. JPEG లో ఫైలును బాగా కుదిస్తే నలుసు చెరిగిపోయి పట్టీలు తిరిగొస్తాయి.

తెలుగుకు ఇంకొంచెం ఎక్కువ

4.5 అనే హద్దు తెలుగు అక్షరాలకు నా దృష్టిలో చాలదు. ద–ధ, ప–ఫ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. ‘వర్షాధార’లో షకారాన్ని చూపేది రకారం కింద చేరిన చిన్న వత్తే. కాంట్రాస్ట్ తగ్గినప్పుడు మొదట మాయమయ్యేవి ఇవే. పదం ఆకారం మిగులుతుంది కాబట్టి తయారుచేసినవారు ఊహించి చదివేస్తారు. కొత్తగా చూసేవాళ్లకు ఆ వీలు లేదు. అందుకే అవే మార్గదర్శకాలు పై స్థాయికి పెట్టిన 7ను తెలుగు స్లైడుకు కనీసంగా పట్టుకోవడం మేలు. ఫాంటులో సన్నగీతల రకాన్ని వదిలి, మధ్యస్థమైన లేదా లావుపాటి రకాన్ని తీసుకోవాలి. నీడ పెట్టి గట్టెక్కించాలనీ చూడకూడదు. తెలుగు అక్షరాల గుండ్రటి ఖాళీల్లోకి ఆ నీడ చేరి వాటిని పూడ్చేస్తుంది.

హాలు తినేసే కాంట్రాస్ట్

ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు అనుకున్న చోట అది వెలుగు పంపదు, అంతే. అక్కడ కనిపించేది హాల్లోని లైట్లు తెర మీద పడినంత వెలుగు. ఉదాహరణకు ప్రొజెక్టర్ తెలుపు తెర మీద 300 లక్సులు, ట్యూబులైట్లు 100 లక్సులు వేస్తున్నాయనుకోండి. తెల్లటి చోట మొత్తం 400, నల్లటి చోట 100. లాప్‌టాప్‌లో 21 ఉన్నది ఇక్కడ 4. మన మీగడ–నీలం స్లైడు 12 నుంచి 3.3 దగ్గరకు దిగుతుంది. తెలుపు మీద బూడిద అక్షరాలతో సరిగ్గా 4.5 దగ్గర సరిపెట్టుకున్న స్లైడైతే 2.6కు చేరుతుంది. రంగులు ఎన్నుకునేటప్పుడే చాలినంత మిగులు ఉంచుకోవడం ఇందుకే.

మిగులు ఉంచుకున్నా రంగుల ఎంపిక సాధించగలిగింది కొంతే. ఇదే హాల్లో తెర పక్కనున్న ట్యూబులైట్లు మాత్రం ఆపేసి, తెర మీద పడే వెలుగును 100 నుంచి 30 లక్సులకు తగ్గిస్తే, అదే స్లైడు 3.3 నుంచి సుమారు 7.7కు ఎక్కుతుంది. ఇంత లాభం తెచ్చే రంగుల జంట ఏదీ లేదు. కాబట్టి కార్యక్రమానికి ముందు స్లైడు వేసి వెనుక వరస నుంచి చదివి చూడండి. చదవలేకపోతే ముందు వరస లైట్లు ఆపించండి. అప్పటికీ చదవలేకపోతే అక్షరాల వెనుక ఆ సగం పారదర్శకపు పొర వేయండి. గ్రేడియెంట్‌ను మళ్లీ మొదటి నుంచి తయారుచేయడం ఈ రెండూ విఫలమైతేనే.