అసమాన నగదు ప్రవాహం – ఓవర్‌డ్రాఫ్ట్, టర్మ్ లోన్‌ల ఎంపిక: కోకాపేట ఇంటీరియర్ వ్యాపార నమూనా ఆధారంగా ఒక విశ్లేషణ

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పడమటి అంచున ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ నిర్వహించిన నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. ఇటువంటి ప్రాంతంలో వెలిసే బహుళ అంతస్తుల నివాస సముదాయాలు మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు తయారుచేసి అమర్చే చిన్న ఇంటీరియర్ సంస్థలకు ఆధారం. ఒక టవర్‌లో ఫ్లాట్ల అప్పగింత మొదలైతే పనులన్నీ ఒకేసారి వస్తాయి. ప్లైవుడ్, హార్డ్‌వేర్, వడ్రంగుల కూలి ముందుగా చెల్లించాలి. యజమానుల నుంచి సొమ్ము మాత్రం పని దశలవారీగా వస్తుంది. ఈ అంతరాన్ని పూడ్చడానికి ఓవర్‌డ్రాఫ్ట్ తగునా, టర్మ్ లోన్ తగునా అన్న ప్రశ్నకు వడ్డీ రేటు ఒక్కటే సమాధానం చెప్పలేదు. అవసరంలో ఏ భాగం తిరిగి సున్నాకు చేరుతుంది, ఏ భాగం చేరదు అన్నదే నిర్ణాయకమని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

2. రెండు రుణాల స్వభావం

టర్మ్ లోన్‌లో మొత్తం సొమ్ము ఒకేసారి చేతికి వస్తుంది. అసలు, వడ్డీ కలిసిన వాయిదా నెలనెలా చెల్లించాలి. చెల్లించిన అసలును తిరిగి వాడుకునే వీలుండదు. ఓవర్‌డ్రాఫ్ట్‌లో బ్యాంకు ఒక పరిమితిని మంజూరు చేస్తుంది. వాడిన సొమ్ముకు, వాడిన రోజులకు మాత్రమే వడ్డీ పడుతుంది. జమ చేసిన సొమ్మును మళ్లీ తీసుకోవచ్చు. అయితే ఈ పరిమితిని సాధారణంగా ఏటా పునరుద్ధరించుకోవాలి.

3. నమూనా లెక్క

ఒక సంస్థకు వరుసగా ఆరు నెలల చివర నగదు లోటు 4, 8, 12, 6, 0, 0 లక్షల రూపాయలుగా ఉందని, తరువాతి ఆరు నెలల్లోనూ అదే క్రమం పునరావృతమైందని ఊహిద్దాం. గరిష్ఠ లోటు 12 లక్షలు. సగటు లోటు 5 లక్షలు. 12 శాతం వడ్డీతో 12 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుంటే ఏడాది వడ్డీ సుమారు 60 వేలు.

అదే మొత్తాన్ని 11 శాతం వడ్డీతో మూడేళ్ల టర్మ్ లోన్‌గా తీసుకుంటే నెల వాయిదా సుమారు 39,300 రూపాయలు. మొదటి ఏడాది వడ్డీ సుమారు 1.14 లక్షలు. రేటు తక్కువైనా భారం దాదాపు రెట్టింపు. వాడని నెలల్లోనూ వడ్డీ పడటమే దీనికి కారణం.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. తొమ్మిదో నెలలో లోటు మళ్లీ 12 లక్షలకు చేరేసరికి తొమ్మిది వాయిదాల కింద సుమారు 3.54 లక్షలు వెళ్లిపోయి ఉంటాయి. లాభంలోనుంచి ఆ వాయిదాలు చెల్లించగల స్తోమత లేకపోతే రుణసొమ్ములో మిగిలేది సుమారు 8.46 లక్షలే. అవసరం పునరావృతమవుతుంది, రుణం మాత్రం కరిగిపోతుంది.

4. విపర్యయం: ఓవర్‌డ్రాఫ్ట్‌తో యంత్రం కొనుగోలు

ఇదే సంస్థ 6 లక్షల విలువైన ఎడ్జ్ బ్యాండింగ్ యంత్రాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ సొమ్ముతో కొన్నదనుకుందాం. ఆ సొమ్ము ఒక టవర్ పని పూర్తికాగానే తిరిగి రాదు. కొన్నేళ్ల సంపాదనలోనుంచి కొద్దికొద్దిగా రావాలి. పరిమితిలో సగం యంత్రంలో చిక్కుకుపోవడంతో, రెండో నెలలో 8 లక్షల లోటు ఏర్పడగానే మొత్తం అవసరం 14 లక్షలై పరిమితిని దాటుతుంది. యంత్రానికి 11 శాతం వడ్డీతో నాలుగేళ్ల టర్మ్ లోన్ తీసుకుంటే వాయిదా సుమారు 15,500 రూపాయలు. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి పనులకే మిగులుతుంది. అయితే పనిలేని నెలల్లోనూ ఈ వాయిదా చెల్లించగలదా అని సంస్థ ముందే చూసుకోవాలి.

5. లోపాన్ని గుర్తించే విధానం

దీనికి పన్నెండు నెలల ఖాతా వివరాలు చాలు. ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఏడాదిలో చేరిన కనిష్ఠ స్థాయిని చూడాలి. అది సున్నాకో, దాని దరిదాపులకో వస్తుంటే రుణం సరైన రూపంలో ఉన్నట్లే. ఏనాడూ 6 లక్షలకు దిగువకు రాకపోతే, ఆ మేరకు దీర్ఘకాలిక అవసరం ఓవర్‌డ్రాఫ్ట్‌లో దాగి ఉందని భావించి, దాన్ని టర్మ్ లోన్‌గా మార్చుకోవడం గురించి బ్యాంకుతో చర్చించాలి. కనిష్ఠ స్థాయి ఏటేటా పెరుగుతుంటే కారణం యంత్రమే కానక్కరలేదు. రాని బకాయిలో, నష్టాలో కావచ్చు. నష్టాన్ని రుణరూపం మార్చి నయం చేయలేము.

భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధనలు ఈ పరిశీలనకు గడువు విధిస్తున్నాయి. ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ వరుసగా 90 రోజులు పరిమితికి మించి ఉన్నా, పరిమితిలోనే ఉండి 90 రోజులపాటు జమలు లేకపోయినా, వచ్చిన జమలు ఆ కాలపు వడ్డీకి సరిపోకపోయినా ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. వాయిదా లేదు కనుక ఓవర్‌డ్రాఫ్ట్‌కు గడువు ఒత్తిడి లేదనుకోవడం పొరపాటు.

6. ముగింపు

అసమాన నగదు ప్రవాహం గల సంస్థ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోనక్కరలేదు. పనితోపాటు పెరిగి, వసూళ్లతో తరిగే లోటుకు ఓవర్‌డ్రాఫ్ట్; యంత్రాల వంటి స్థిరాస్తులకు టర్మ్ లోన్ తగినవి. మొదటిదాని పరిమితిని గరిష్ఠ లోటును బట్టి, రెండోదాని వాయిదాను పనిలేని నెలల రాబడిని బట్టి నిర్ణయించుకోవాలి.