రూట్ అలర్ట్ వస్తే డ్రైవర్‌దే తప్పా?

గుంటూరులో మా బాబాయికి ఐదు పాల వ్యాన్లున్నాయి. జీపీఎస్ పెట్టించాక ఒక వ్యాన్‌కి రోజూ "రూట్ తప్పింది" అని అలర్టులే. డీజిల్ అమ్ముకుంటున్నాడేమోనని బాబాయి డ్రైవరన్నని తీసేద్దామనుకున్నాడు. ఆగమని నేను మ్యాప్ తెరిచా.

రూట్‌కి అటూ ఇటూ 30 మీటర్లే హద్దు పెట్టారు. ఎత్తైన బిల్డింగుల మధ్య జీపీఎస్ పాయింట్ అంతకంటే ఎక్కువే జరగొచ్చు. కానీ అప్పుడు ఒకటి రెండు పాయింట్లు బయటపడి, మళ్లీ రోడ్డు మీదకొచ్చేస్తాయి. బండి నిజంగా పక్కకెళ్తే వరసగా బయటే ఉంటాయి. అందుకే హద్దు 150 మీటర్లు చేసి, 3 నిమిషాలు బయటుంటేనే అలర్ట్ వచ్చేలా మార్చాం.

ఒక్కటే మిగిలింది. రోజూ ఉదయం ఆరింటికి, అదే సందులో. అన్నని అడిగితే, ఆ టైంకి రైల్వే గేటు పడుతుందని చుట్టూ వెళ్తున్నాడట! ఆ ట్రిప్‌కి రూట్‌నే మార్చేశాం.

ఇంకోటి, రాత్రి వ్యాన్ అన్న ఇంటి దగ్గరే ఉంటుంది. డ్యూటీ అయ్యాక లొకేషన్ బాబాయికి కనపడదు. బండి కదిలితే మాత్రం ఇద్దరికీ మెసేజ్ వెళ్తుంది. దీనికి బాబాయి ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది లెండి.